కార్డుపై పొరపాటున ఈఎంఐ పడితే, చెల్లింపు మధ్యలో ఆగితే: వెనక్కి తిప్పుకునే పద్ధతి

"ఈఎంఐ వద్దని చెప్పినా పడిపోయింది, ఎట్లా తీయించాలి?" అని నెలకు ఇద్దరు ముగ్గురు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికి ఫోన్లో సగం సగం చెప్పే బదులు అంతా ఒకచోట వరుసగా రాస్తున్నాను. ఇది క్రెడిట్ కార్డు సంగతి. డెబిట్ కార్డు ఈఎంఐకి పద్ధతులు కొంచెం వేరు, దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

చెప్పేదంతా ఒక కేసు చుట్టూనే తిరుగుతుంది. మా బావమరిది చిత్తూరులో ఉంటాడు. కూతురికి లాప్‌టాప్ కొందామని తిరుపతి వచ్చాడు. ధర 42,000. కార్డు ఇచ్చాడు, పిన్ కొట్టాడు, పెట్టె చంకన పెట్టుకుని బస్సెక్కాడు. పూతలపట్టు దాటాక మెసేజ్ చూసుకుంటే అందులో ఆరు నెలల ఈఎంఐ అని ఉంది. వెంటనే నాకు ఫోన్ చేశాడు. "బావా, నేను మొత్తం ఒకేసారి కట్టేస్తానని చెప్పినా. వాడేమో ఆరు నెలలు పెట్టేసినాడు. ఇప్పుడేం చేసేది?"

## 1. ముందు ఒక్క సంగతి: కొనుగోలు వేరు, అప్పు వేరు

ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. మీరు ఈఎంఐలో కొన్నా కొట్టువాడికి డబ్బు మొత్తం ఒకేసారి అందుతుంది. వాడి వరకు వ్యవహారం అక్కడితో ముగిసింది. వాయిదాలన్నవి మీకూ బ్యాంకుకూ మధ్య నడిచే అప్పు. ఆ అప్పు బ్యాంకు లెక్కల్లోకి అదే క్షణంలో ఎక్కదు. లావాదేవీ సెటిల్ అయ్యాక, అంటే ఆ రోజు లెక్క కొట్లో మెషిన్ నుంచి బ్యాంకుకు చేరాక, సాధారణంగా కొన్ని రోజులకు బుక్ అవుతుంది.

అందుకని వెనక్కి తిప్పుకోవడానికి మూడు దశలుంటాయి. మొదటిది అదే రోజు, కొట్లో మెషిన్ సెటిల్ కాకముందు. రెండోది అప్పు బుక్ అయిన తర్వాత బ్యాంకు ఇచ్చే క్యాన్సిల్ గడువు. మూడోది ఆ గడువు కూడా దాటాక. ఒక్కో దశ దాటే కొద్దీ ఖర్చు పెరుగుతుంది. కాబట్టి ముందుగా మీరు ఏ దశలో ఉన్నారో చూసుకోండి.

మీది ఏ రకమో ఇలా పోల్చుకోవచ్చు:

- చార్జ్ స్లిప్ మీద నెలల సంఖ్య, వడ్డీ శాతం, నెలకు ఎంతో ఉంటే ఈఎంఐ కొట్లోనే పడింది.
- స్లిప్ మీద మామూలు `SALE` మాత్రమే ఉండి, రెండు మూడు రోజుల తర్వాత ఈఎంఐ అని మెసేజ్ వస్తే, ఫోన్ కాల్‌లోనో యాప్‌లోనో లింకులోనో తర్వాత మారింది. దీనికి కొట్టువాడితో పని లేదు, నేరుగా 4వ మెట్టుకు వెళ్లండి.
- ఆన్‌లైన్‌లో చెల్లింపు ఆగిపోయి, కార్డు లిమిట్ మాత్రం తగ్గితే 7వ మెట్టు చూడండి.

రెండో రకంలో చాలామందికి తాము ఒప్పుకున్నట్టే గుర్తుండదు. "మీ కొనుగోలును సులభ వాయిదాల్లోకి మార్చమంటారా సార్" అని ఫోన్ వస్తుంది. బండి మీద పోతూ "ఆ, సరే" అనేస్తారు. ఆ "సరే" రికార్డు అయి ఉంటుంది.

## 2. ఫోన్ ఎత్తేముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- చార్జ్ స్లిప్ ఫొటో. ఆ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి, ఇవాళే ఫొటో తీయండి.
- కొట్టు బిల్లు. చెల్లింపు పద్ధతి దగ్గర ఏం రాశారో చూడండి.
- బ్యాంకు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, తేదీ, టైమ్ కనిపించేలా.
- స్లిప్ మీద 12 అంకెల `RRN`. లావాదేవీని వెతకడానికి బ్యాంకుకు పనికొచ్చేది ఇదే.
- కార్డు బిల్లు తయారయ్యే తేదీ, కట్టాల్సిన తేదీ.

కస్టమర్ కేర్ నంబరు కార్డు వెనుక ఉన్నదే వాడండి. గూగుల్‌లో వెతికి దొరికిన నంబరుకు చేయొద్దు. డబ్బు వెనక్కి రావడానికి ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. అడిగారంటే ఫోన్ పెట్టేయండి.

## 3. అదే రోజైతే: కొట్లోనే వాయిడ్ చేయించండి

అన్నిటికంటే శుభ్రమైన దారి ఇది. స్వైప్ మెషిన్‌లో ఆ రోజు జరిగిన లావాదేవీలన్నీ ఒక బ్యాచ్‌గా ఉంటాయి. రాత్రి కొట్టు కట్టేటప్పుడు వాళ్లు సెటిల్ చేస్తారు, లేదా మెషిన్ తనంతట తనే చేసేస్తుంది. అప్పటిదాకా `VOID` అనే మెనూలోకి వెళ్లి, స్లిప్ మీద ఉన్న ఇన్వాయిస్ నంబరు కొడితే ఆ లావాదేవీ రద్దవుతుంది. బ్యాంకు దగ్గర అప్పు పుట్టనే పుట్టదు. వడ్డీ లేదు, ప్రాసెసింగ్ ఫీజు లేదు.

క్రమం ఇది:

1. కౌంటర్ దగ్గర "రిఫండ్" అనొద్దు, "వాయిడ్ చేయండి" అని ఆ మాటే వాడండి. రిఫండ్ అంటే సెటిల్ అయ్యాక జరిగేది. దానికి రోజులు పడతాయి, అప్పు విడిగా మిగిలిపోయే ప్రమాదమూ ఉంది.
2. వాయిడ్ స్లిప్ తీసుకోండి. అందులో అదే మొత్తం, అదే కార్డు చివరి నాలుగు అంకెలు ఉన్నాయో లేదో చూడండి.
3. ఆ తర్వాతే రెండోసారి కార్డు ఇవ్వండి. ఈసారి స్క్రీన్ మీద `SALE` ఉందా, `EMI` ఉందా అని మీ కళ్లతో చూసి పిన్ కొట్టండి.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. వాయిడ్ అయిన వెంటనే లిమిట్ తిరిగి వస్తుందనే గ్యారంటీ లేదు. మా వాడి కార్డు లిమిట్ 60,000. 42,000 ఇంకా పట్టి ఉంచితే మిగిలేది 18,000, రెండోసారి స్వైప్ చేస్తే డిక్లైన్ అవుతుంది. అలాంటప్పుడు కార్డు పాడైందని కంగారుపడి మూడోసారి, నాలుగోసారి కొట్టొద్దు. యాప్‌లో లిమిట్ చూసుకోండి, లేదంటే ఆ బిల్లు వేరే దారిలో కట్టేయండి.

కొట్టువాడు "వాయిడ్ ఎందుకు సార్, క్యాష్ ఇచ్చేస్తాం, క్రెడిట్ నోట్ రాసిస్తాం" అంటే ఒప్పుకోవద్దు. నగదు మీ చేతికొచ్చినా అప్పు బ్యాంకు దగ్గర అలాగే ఉంటుంది.

మా వాడు బస్సులోంచే కొట్టుకు ఫోన్ చేశాడు. చాలా మెషిన్లలో ఇన్వాయిస్ నంబరుతోనే వాయిడ్ చేయొచ్చు, కొన్నిట్లో కార్డు మళ్లీ పెట్టాలి. వాళ్లు ఆ ప్రయత్నమే చేయలేదు. "మేనేజర్ లేరు, రేపు రండి" అన్నారు. రేపటికి బ్యాచ్ సెటిల్ అయిపోయింది. ఒక్క లాప్‌టాప్ కోసం మళ్లీ బస్సెక్కి డెబ్బై కిలోమీటర్లు రావడం ఎందుకని నేనే ఆపేశాను. ఎందుకంటే మర్నాటి నుంచి ఈ పని కొట్టువాడి చేతిలో ఉండదు. మా వాడు వస్తువే అక్కర్లేదు అనుకుంటే తప్ప కొట్టుకు మళ్లీ పోవాల్సిన అవసరం లేదు.

## 4. మర్నాటి నుంచి: బ్యాంకును అడగాల్సిన తీరు

ఇక్కడ రెండు మాటల మధ్య తేడా తెలియక జనం డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఈఎంఐ క్యాన్సిల్ అంటే ఆ అప్పును లేనట్టే చేసి, మొత్తాన్ని మామూలు కొనుగోలుగా మీ బిల్లులోకి తిరిగి వేయడం. ఫోర్‌క్లోజర్ అంటే అప్పు ఉందని ఒప్పుకుని గడువుకు ముందే తీర్చేయడం. దీనికి మిగిలిన అసలు మీద రుసుము ఉంటుంది. చాలా కార్డుల్లో అది 3 శాతం దాకా ఉంటుంది, పైన జీఎస్టీ 18 శాతం. మీరు "ఈఎంఐ క్లోజ్ చేయండి" అన్నారంటే అవతలివాళ్లు రెండోదే చేస్తారు. వాళ్ల తప్పు కూడా కాదు, మీరు అడిగింది అదే మరి.

క్యాన్సిల్‌కు ఎన్ని రోజుల గడువో బ్యాంకును బట్టి మారుతుంది. కొన్ని బ్యాంకులు కొట్లో పడిన ఈఎంఐకి ఒక గడువు, ఫోన్లో మార్చినదానికి ఇంకో గడువు పెడతాయి. మీ కార్డు ఈఎంఐ నిబంధనల్లో అది రాసి ఉంటుంది. చదివే ఓపిక లేకపోతే కాల్‌లో మొదటి ప్రశ్న అదే కావాలి.

ఫోన్లో ఇలా చెప్పండి:

"ఫలానా తేదీన, ఫలానా మొత్తానికి నా కార్డు మీద ఈఎంఐ పడింది. నేను మొత్తం ఒకేసారి కట్టాలనుకున్నాను. నాకు ఫోర్‌క్లోజర్ వద్దు, ఈఎంఐ క్యాన్సిలేషన్ కావాలి. గడువు ఎంతవరకు ఉంది? రుసుము ఏమైనా ఉందా? ప్రాసెసింగ్ ఫీజు వెనక్కి వస్తుందా? సర్వీస్ రిక్వెస్ట్ నంబరు చెప్పండి."

మూడు నాలుగు ప్రశ్నలు ఒకేసారి అడిగితే ఒకదానికే జవాబు వస్తుంది. ఒక్కొక్కటిగా అడిగి, జవాబు రాసుకుని, తర్వాతిది అడగండి. రుసుము ఎంతో తెలియకముందు "ప్రొసీడ్" అనొద్దు.

మా వాడికి రెండో రోజు వచ్చిన జవాబు ఇది: "మీ ఈఎంఐ మా సిస్టమ్‌లో ఇంకా బుక్ కాలేదు, నాలుగు రోజుల తర్వాత చేయండి." ఇది చాలామందికి ఎదురవుతుంది. బుక్ కాని అప్పును వాళ్లు క్యాన్సిల్ చేయలేరు. కానీ చిక్కేమిటంటే మనవాళ్లు ఆ నాలుగు రోజులు ఆగి, ఐదో రోజు పనిలో పడి, ఇరవయ్యో రోజున గుర్తు తెచ్చుకుంటారు. అప్పటికి గడువు పోయి ఉంటుంది. అందుకని అలా చెప్పిన రోజే బ్యాంకు ఈమెయిల్‌కు రెండు వాక్యాలు రాసి పెట్టండి: ఏ తేదీన అడిగారు, ఏం చెప్పారు. మీరు గడువులోపే అడిగారనడానికి అది సాక్ష్యం. ఫోన్లో అలారం కూడా పెట్టుకోండి.

ఆరో రోజు యాప్‌లో లోన్లు, ఈఎంఐలు అనే భాగంలో అది కనిపించింది. వెంటనే ఫోన్ చేయించాను. మొదట మాట్లాడిన అమ్మాయి "3 శాతం చార్జ్ అవుతుంది సార్" అంది. అది ఫోర్‌క్లోజర్ కదా, నేను అడిగింది క్యాన్సిలేషన్ అని వాడు అన్నాక, కాసేపు లైన్లో ఉంచి, "అవును సార్, మీకు ఇంకా టైముంది" అంది. ఆ ఒక్క మాటకే వెయ్యికి పైగా తేడా వచ్చింది. లెక్క కింద చూడండి.

క్యాన్సిల్ అయితే మొత్తం వచ్చే బిల్లులో పడుతుందని మరిచిపోవద్దు. 42,000 చేతిలో ఉంటేనే క్యాన్సిల్ అడగండి. లేకపోతే ఆ బిల్లులో మిగిలిపోయిన మొత్తం మీద పడే కార్డు వడ్డీ ఈఎంఐ వడ్డీకి రెండింతలకు పైగా ఉంటుంది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

ఇంకొకటి. కొన్ని కొట్లలో ఈఎంఐ తీసుకుంటేనే తగ్గింపు, క్యాష్‌బ్యాక్ అని ఆఫర్లుంటాయి. కౌంటర్‌లో మనల్ని అడక్కుండా ఈఎంఐ కొట్టడానికి చాలాసార్లు కారణం ఇదే. క్యాన్సిల్ చేస్తే ఆ క్యాష్‌బ్యాక్ రాకపోవచ్చు. వచ్చేసినది వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఆ మొత్తం ఎంతో చూసుకుని దిగండి.

## 5. ఏది లాభం: లెక్క వేసి చూద్దాం

42,000 రూపాయలు, ఆరు నెలలు, ఏడాదికి 16 శాతం వడ్డీ. నెల వాయిదా 7,330. ఆరు నెలల్లో వడ్డీ 1,982. ఆ వడ్డీ మీద జీఎస్టీ 357. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని జీఎస్టీ 36, కలిపి 235. అన్నీ కలిపితే అదనంగా పోయేది 2,574.

గడువులో క్యాన్సిల్ చేయిస్తే పోయేది ఆ 235 మాత్రమే.

ఒక వాయిదా కట్టాక ఫోర్‌క్లోజ్ చేస్తే? అప్పటికి మిగిలిన అసలు 35,230. దానిపై 3 శాతం 1,057, జీఎస్టీ 190, మొత్తం 1,247. అప్పును అలాగే నడిపిస్తే ఇక కట్టాల్సిన వడ్డీ, జీఎస్టీ కలిపి 1,677. అంటే ఇంత హడావుడి చేసి మిగిలేది 430 రూపాయలు.

మూడు వాయిదాలు కట్టాక చేస్తే ఇంకా వింత. మిగిలిన అసలు 21,417, రుసుము జీఎస్టీతో 758. అలాగే నడిపిస్తే ఇక పడే వడ్డీ, జీఎస్టీ 677. అంటే ముందే తీర్చినందుకు 81 రూపాయలు ఎదురు కట్టాలి. వడ్డీలో ఎక్కువ భాగం మొదటి నెలల్లోనే తీసేసుకుంటారు కాబట్టి ఇలా అవుతుంది. సగం దాటాక "అప్పు తీర్చేస్తే మనశ్శాంతి" అని ఫోర్‌క్లోజ్ చేసేవాళ్లను చూశాను. మనశ్శాంతి సంగతేమో గానీ, చిన్న ఈఎంఐకి అది నష్టమే. మీ రుసుము వేరే శాతమైతే ఇదే లెక్కలో ఆ అంకె పెట్టి చూసుకోండి.

## 6. వస్తువు తిరిగి ఇచ్చేశాక కూడా ఈఎంఐ ఆగకపోతే

నాకు వచ్చే ప్రశ్నల్లో అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఈ రకంలోనే. మా ఆఫీసులో పనిచేసే ఒక అక్క 24,000 రూపాయల వాషింగ్ మెషిన్ ఆన్‌లైన్‌లో నో కాస్ట్ ఈఎంఐలో కొంది. పీలేరులో ఉన్న వాళ్ల అమ్మగారింటికి వచ్చేసరికి అది సొట్టపడి ఉంది, తిప్పి పంపేసింది. రిఫండ్ పది రోజుల్లో వచ్చింది. పని అయిపోయిందనుకుంది.

అయిపోలేదు. రిఫండ్ కార్డు ఖాతాలోకి వచ్చింది, అప్పు ఖాతాలోకి పోలేదు. కార్డులో నిలవ మైనస్‌లో కనిపిస్తుంటే "నా డబ్బే ఉంది కదా" అని ఆ నెలా పై నెలా సరుకులకు, పెట్రోలుకు గీకింది. ఆ జమ అలా కరిగిపోయింది. నెలకు 4,000 వాయిదా మాత్రం వడ్డీతో సహా పడుతూనే ఉంది. మూడో బిల్లుకు గానీ గమనించలేదు.

కొన్ని బ్యాంకుల్లో రిఫండ్ వస్తే ఈఎంఐ దానంతట అదే రద్దవుతుంది, కొన్నిట్లో మనం అడగాలి. మీది ఏదో ఊహించొద్దు. చేయాల్సింది ఇది:

1. రిఫండ్ పడగానే అమ్మకందారును 23 అంకెల `ARN` అడగండి. ఈ రిఫండ్ ఏ కొనుగోలుకు చెందిందో బ్యాంకు పట్టుకునేది దీనితోనే.
2. బ్యాంకుకు ఫోన్ చేసి "వస్తువు తిరిగి ఇచ్చాను, రిఫండ్ వచ్చింది, దీని మీదున్న ఈఎంఐ రద్దు చేయండి, ఫోర్‌క్లోజర్ రుసుము వేయొద్దు" అని చెప్పండి. ఆర్డర్ రద్దయినట్టు వచ్చిన ఈమెయిల్ పంపండి.
3. యాప్‌లో ఆ ఈఎంఐ మూసేసినట్టు కనిపించేదాకా రిఫండ్ జమను ఖర్చు పెట్టొద్దు.
4. ఈలోగా వాయిదా బిల్లులో పడితే కట్టేయండి. వివాదం తేలేదాకా కట్టనని మొండికేస్తే ఆలస్య రుసుము పడుతుంది, సిబిల్‌లోనూ మచ్చ పడుతుంది. తర్వాత రాబట్టుకోవడమే నయం.

ఆ అక్కకు ఇంకో అనుమానం వచ్చింది. రిఫండ్ 24,000 కాదు, 22,919 వచ్చింది. "వెయ్యి మింగేశారు" అంది. మింగలేదు. నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు. ఆ వడ్డీ 1,081 రూపాయలను ధరలో ముందే తగ్గించి, కార్డు మీద 22,919 మాత్రమే వేస్తారు. దానిపై బ్యాంకు వడ్డీ వేసుకుంటే ఆరు నెలలకు సరిగ్గా 24,000 అవుతుంది. కార్డు మీద పడింది ఎంతో, తిరిగి వచ్చిందీ అంతే. ఆమెకు నిజంగా పోయింది అప్పటికి కట్టిన రెండు వాయిదాల వడ్డీ, దాని జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు. వడ్డీ వెనక్కి వేయమని రాయించాను, వేశారు.

## 7. చెకౌట్‌లో ఆగిపోయిన చెల్లింపు

తెర మీద చక్రం తిరిగి తిరిగి "ఫెయిల్డ్" అంటుంది, ఫోన్‌కు మాత్రం ఇంత ఖర్చయిందని మెసేజ్ వస్తుంది. మొదట చేయకూడని పని: వెంటనే మళ్లీ నొక్కడం.

ముందు ఆర్డర్ల పేజీ తెరిచి చూడండి. "పెండింగ్" అని ఉంటే కాసేపు ఆగండి. కొన్నిసార్లు బ్యాంకు ఒప్పుకున్న సంగతి అమ్మకందారుకు ఆలస్యంగా చేరి ఆర్డర్ ఖాయమవుతుంది. మీరు ఈలోగా రెండోసారి కట్టేసి ఉంటే రెండు వస్తువులు, రెండు ఈఎంఐలు అవుతాయి. అలా అయిపోతే ఒక ఆర్డర్ రద్దు చేసి, దాని ఈఎంఐకి 6వ మెట్టులో చెప్పినట్టే చేయాలి.

ఆర్డర్ లేకుండా లిమిట్ మాత్రం తగ్గితే, అది చాలావరకు పట్టి ఉంచిన మొత్తమే. యాప్‌లో పెండింగ్‌లోనో, బిల్లులో ఇంకా చేరని లావాదేవీల్లోనో కనిపిస్తుంది. రిజర్వ్ బ్యాంకు 2019 నియమం ప్రకారం, కార్డు మీద డబ్బు పడి అమ్మకందారుకు చేరినట్టు నిర్ధారణ లేకపోతే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా అది తిరిగి పడాలి. ఇవి క్యాలెండర్ రోజులు, ఆదివారం, పండగ అని మినహాయింపు లేదు. దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం, మీరు అడగకపోయినా జమ చేయాలి. ఆర్డర్ ఖాయమై, మీరు రద్దు చేసుకున్న కేసుకు ఇది వర్తించదు. అక్కడ అమ్మకందారు రిఫండ్ గడువు లెక్క.

ఇక ఎందుకు ఆగింది అంటే, నేను చూసినంతలో కారణాలు ఇవే:

- వాయిదా 4,000 అయినా సరే, కార్డు లిమిట్ మొత్తం 24,000కు సరిపడా ఉండాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.
- కార్డులో ఆన్‌లైన్ వాడకం ఆన్ చేసి లేదు. కొత్త కార్డులు కొట్లో, ఏటీఎంలో పనిచేసేలా మాత్రమే వస్తాయి, ఆన్‌లైన్‌ను మనమే యాప్‌లో తెరుచుకోవాలి.
- మీరు పెట్టుకున్న రోజువారీ పరిమితి తక్కువగా ఉంది.
- ఆ బ్యాంకు ఈఎంఐకి పెట్టిన కనీస మొత్తానికి బిల్లు చేరలేదు.
- ఓటీపీ వచ్చేసరికి సమయం దాటింది. మా బావమరిది వాళ్ల ఇంట్లో సిగ్నల్ కోసం మేడ ఎక్కాలి, దిగివచ్చేలోపు పేజీ పోతుంది.

కారణం సరిచేసుకుని రెండోసారి కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని పేజీలు పోయినసారి ఎంచుకున్న ఈఎంఐనే మళ్లీ టిక్ పెట్టి చూపిస్తాయి. ఓటీపీ కొట్టే ముందు "మొత్తం చెల్లింపు" దగ్గర ఉన్నది చూసుకోండి.

## 8. తర్వాతి రెండు బిల్లుల్లో చూసుకోవాల్సినవి

ఫోన్లో "అయిపోయింది సార్" అన్నా బిల్లులో కనిపించేదాకా నమ్మొద్దు. మా వాడి బిల్లులో వరుస ఇలా ఉంది: మొదట 42,000 ఖర్చు, తర్వాత ఈఎంఐగా మారినందుకు 42,000 జమ, ఫీజు 199, జీఎస్టీ 36, చివర్లో క్యాన్సిల్ అయినందుకు మళ్లీ 42,000 ఖర్చు. ఇది చూసి "రెండుసార్లు వేశారు బావా" అని గాబరా పడ్డాడు. మధ్యలో ఉన్న జమను లెక్కలోకి తీసుకుంటే సరిగ్గా ఒక్కసారే.

- ఖర్చులు, జమలు కూడితే ఒక్క కొనుగోలే మిగిలిందా?
- వాయిదా పేరుతో ఏ వరుసా లేదు కదా?
- ఈఎంఐ వడ్డీ, దాని జీఎస్టీ పడలేదు కదా?
- యాప్‌లో నడుస్తున్న ఈఎంఐల్లో అది లేదు కదా?
- లిమిట్ తిరిగి సరిపోయిందా?

రెండో బిల్లు కూడా చూడమనడానికి కారణం ఉంది. బిల్లు తయారయ్యాక క్యాన్సిల్ అయితే, ఆ సవరణలు పై నెల బిల్లులోకి వెళతాయి.

## 9. బ్యాంకు కుదరదంటే

ఫోన్లో వాదించడం ఆపి, రాతలోకి దిగండి. రిజర్వ్ బ్యాంకు కార్డు ఆదేశాల్లో ఒక మాట ఉంది: ఈఎంఐగా మార్చే ముందే అసలు ఎంత, వడ్డీ ఎంత, ఇచ్చిన తగ్గింపు ఎంత అన్నది స్పష్టంగా చూపాలి, బిల్లులోనూ విడిగా చూపాలి, వడ్డీ ఉన్నదాన్ని నో కాస్ట్ అని మభ్యపెట్టకూడదు. మీ స్లిప్ మీద ఆ వివరాలు లేకపోతే అదే మీ బలం. ఫొటో జతచేసి, ఈ మాట ఎత్తి చూపి, బ్యాంకు ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ చేయండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా `cms.rbi.org.in` లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. ముందు బ్యాంకుకు రాసిన ఈమెయిల్ తప్పనిసరిగా జతచేయాలి, అది లేకుండా పెడితే తిప్పి పంపేస్తారు. సందేహాలకు 14448. తప్పు అమ్మకందారుదైతే, అంటే వాయిడ్ చేయనన్నా, రిఫండ్ ఇవ్వకపోయినా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మా వాడికి అంతదాకా పోవాల్సిన పని పడలేదు. స్లిప్ మీద నెలలు, వాయిదా ఉన్నాయి గానీ వడ్డీ శాతం లేదు. అది చూపించి ప్రాసెసింగ్ ఫీజు కూడా వెనక్కి వేయమని ఒక ఈమెయిల్ రాయించాను. తొమ్మిది రోజులకు 199 జమ అయింది. జీఎస్టీ 36 మాత్రం వేయలేదు. "దానికి కూడా రాద్దామా?" అంటే, "వద్దులే బావా, అది తిరుపతి బస్ స్టాండులో రెండు కాఫీల డబ్బు" అన్నాడు.